ప్రొడక్షన్ నుంచి క్యూఏకి మారాలంటే లెటర్‌లో ఏం రాయాలి?

ప్రశ్న: పైడిభీమవరంలో మందుల ముడిపదార్థాలు చేసే ఒక ఏపీఐ ప్లాంట్‌లో నాలుగేళ్లుగా ప్రొడక్షన్ కెమిస్ట్‌గా చేస్తున్నాను. ఎమ్మెస్సీ ఆర్గానిక్. రోజూ విజయనగరం నుంచి కంపెనీ బస్సులో వెళ్లొస్తాను. మా షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌తో అస్సలు పడటం లేదు. ఎవరు తప్పు చేసినా డీవియేషన్ నా చేతే రాయిస్తాడు. మొన్న సిరిమానోత్సవానికి సెలవు అడిగితే ఇవ్వలేదు. నైట్ షిఫ్టులతో ఒళ్లు హూనమవుతోంది. నాణ్యత చూసే క్యూఏకి మారాలని ఉంది. ఇవన్నీ వివరంగా రాసి రెండు పేజీల లెటర్ తయారు చేశాను. హెచ్‌ఆర్‌కి పంపేయొచ్చా?

సమాధానం:

ఆ లెటర్ పంపకండి. అలాగని చింపేయకండి కూడా. కొత్త లెటర్‌కి కావలసిన సరుకు అందులోనే ఉంది. ఎలాగో చెబుతాను.

నేను ఈ చుట్టుపక్కల ప్లాంట్లలోనే ఇరవై రెండేళ్లు పనిచేశాను. మొదటి ఆరేళ్లు ప్రొడక్షన్, మిగతాదంతా క్యూఏ. చివరి ఎనిమిదేళ్లు, క్యూఏకి వస్తామని అడిగే వాళ్ల కాగితాలు నా టేబుల్ మీదికే వచ్చేవి. కాబట్టి అవతలి కుర్చీలో కూర్చున్న మనిషికి మీ లెటర్ ఎలా కనిపిస్తుందో ముందు చెప్పనివ్వండి.

హెచ్‌ఆర్ వాళ్లు దాన్ని ట్రాన్స్‌ఫర్ రిక్వెస్ట్‌గా చదవరు, ఫిర్యాదుగా చదువుతారు. ఒక మనిషి మీద ఫిర్యాదు వచ్చిందంటే ఆ మనిషిని పిలిచి వివరణ అడగాలి. అంటే మీ ఇన్‌ఛార్జ్, ఆయన పైన ప్రొడక్షన్ హెచ్‌ఓడీ, ఇద్దరూ వస్తారు. అక్కడి నుంచి తప్పు ఎవరిది అన్న దాని మీదే మాటలు నడుస్తాయి, మీ ట్రాన్స్‌ఫర్ పక్కకు పోతుంది. పైగా ఆ ఇన్‌ఛార్జ్‌ని ఆ షిఫ్టులో పెట్టింది హెచ్‌ఓడీయే. మీ లెటర్ మీద సరేనని సంతకం పెడితే తన నిర్ణయం తప్పని తానే ఒప్పుకున్నట్టవుతుంది. అలాంటి సంతకం ఎవరూ పెట్టరు.

అసలైన ఇబ్బంది క్యూఏ హెడ్ దగ్గర వస్తుంది. క్యూఏకి వెళ్తే ప్రొడక్షన్‌కి దూరమవుతామని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇంకా దగ్గరవుతారు. బ్యాచ్ తయారీ రికార్డు, అంటే బీఎంఆర్‌లో టైమ్ తేడా ఉందని వెనక్కి పంపేది క్యూఏ. టెంపరేచర్ రేంజ్ ఎందుకు దాటిందని అడిగేది క్యూఏ. వాటికి జవాబు చెప్పాల్సింది మీ పాత ఇన్‌ఛార్జే. ఆయనతో గొడవపడి వచ్చారని తెలిస్తే, మీరు న్యాయంగా అడిగిన క్వెరీ కూడా పాత కక్షలాగే కనిపిస్తుంది. ఆ తలనొప్పి తెచ్చుకోవడానికి ఏ క్యూఏ హెడ్డూ సిద్ధపడడు. నేనూ సిద్ధపడలేదు. మంచి కెమిస్టుల లెటర్లు రెండు మూడు ఈ ఒక్క కారణంతోనే పక్కన పెట్టాను. ఈ రోజుకీ వాళ్లు గుర్తొస్తే బాధగానే ఉంటుంది.

నేను ప్రొడక్షన్‌లో ఉన్నప్పుడు రాసిన మొదటి లెటర్ కూడా మీ లెటర్ లాంటిదే. అప్పటి కంపెనీలో నా పై ఆఫీసర్ ఏమేం చేశాడో తేదీలతో సహా రాశాను. ఒక్కటీ అబద్ధం కాదు. వారం తర్వాత పిలిచి, "సమస్య సర్దుబాటు చేశాం, మీ షిఫ్ట్ మార్చాం, ఇక ట్రాన్స్‌ఫర్ అవసరం లేదు కదా" అన్నారు. నేను రాసిన సమస్యకి వాళ్లు జవాబు చెప్పేశారు. నేను అడగాల్సిన దాన్ని నేనే అడగలేదు. మళ్లీ అడిగే అవకాశం రావడానికి రెండేళ్లు పట్టింది.

మీరు లెటర్ మొదలుపెట్టే ముందు ఒక్క ప్రశ్నకి మీలో మీరే నిజాయితీగా జవాబు చెప్పుకోవాలి. రేపు పొద్దున ఆ ఇన్‌ఛార్జ్ వేరే బ్లాక్‌కి వెళ్లిపోయాడనుకోండి. అప్పుడు కూడా క్యూఏకి వెళ్తారా? వెళ్లను అనిపిస్తే మీకు కావలసింది క్యూఏ కాదు, షిఫ్ట్ మార్పు. నోటిమాటగా హెచ్‌ఓడీని అడిగితే అయిపోయే పని అది. నైట్లు తప్పుతాయని అనుకుంటుంటే ఇంకో మాట. ప్రొడక్షన్ నుంచి వచ్చిన వాళ్లని ముందు వేసేది ఎక్కువగా, బ్యాచ్ నడుస్తుండగా నాణ్యత చూసే ఐపీక్యూఏలోనే. ప్లాంట్ రాత్రి నడుస్తుంటే ఐపీక్యూఏ కూడా రాత్రి నడుస్తుంది. లైన్ క్లియరెన్స్ ఇవ్వడానికి, శాంపిల్ తీయడానికి రాత్రి రెండు గంటలైనా మనిషి ఉండాల్సిందే. ఒంట్లో బాగోక నైట్లు చేయలేకపోతుంటే డాక్టర్ సర్టిఫికెట్‌తో ఫ్యాక్టరీ మెడికల్ ఆఫీసర్ ద్వారా విడిగా అడగండి. దాన్ని ఈ లెటర్‌లో కలపకండి.

ఇన్‌ఛార్జ్ మారినా క్యూఏయే కావాలి అనిపిస్తే, ఇక ముందుకి చదవండి.

మీ ఫిర్యాదుల్లో ఒకటి చదవగానే నాకు ఆశ్చర్యం వేసింది. "ఎవరు తప్పు చేసినా డీవియేషన్ నా చేతే రాయిస్తాడు" అన్నారు. మీకది అన్యాయంగా అనిపించింది, అందులో తప్పులేదు. కానీ అదే వాక్యాన్ని క్యూఏ హెడ్ వైపు నుంచి చూడండి. ఒక షిఫ్టులో వచ్చిన డీవియేషన్లన్నీ ఒక్క కెమిస్టే రాస్తున్నాడంటే, నాలుగేళ్లలో అతను ఎన్ని సంఘటనలు దర్యాప్తు చేసి ఉండాలి! ఆపరేటర్లని అడిగి, లాగ్‌బుక్ తిరగేసి, కారణం వెతికి, మళ్లీ జరగకుండా ఏం చేయాలో రాసి ఉండాలి. క్యూఏలో కొత్తగా చేరిన పిల్లలకి మేం నేర్పడానికి కష్టపడేది సరిగ్గా ఈ పనే. రూల్స్ వాళ్లకి తెలుసు. రియాక్టర్ దగ్గర నిజంగా ఏం జరుగుతుందో తెలియదు.

ఒక ఉదాహరణ చెబుతాను. వాక్యూమ్ ట్రే డ్రయ్యర్‌లో ఒక బ్యాచ్ ఆరడానికి పది గంటల లోపు పట్టాలి, పద్నాలుగు గంటలు పట్టింది. డీవియేషన్ పడింది. బ్లాక్ నుంచి వచ్చిన మొదటి కాగితంలో కారణం "ఆపరేటర్ పొరపాటు", పరిష్కారం "ట్రైనింగ్ ఇచ్చాం". ఇలాంటివి నేను వందల కొద్దీ చూశాను. ఆడిటర్‌కి వీటి మీద నమ్మకం ఉండదు, ఉండకూడదు కూడా. అదే డ్రయ్యర్ దగ్గర పనిచేసిన మనిషి ఉంటే ముందు వాక్యూమ్ రీడింగులు చూస్తాడు. నాలుగో గంట నుంచి వాక్యూమ్ మెల్లగా తగ్గుతోందని పట్టుకుంటాడు. తలుపు గాస్కెట్ అరిగిందా, ట్రాప్‌లో సాల్వెంట్ నిండిపోయిందా అని వెళ్లి చూస్తాడు. గాస్కెట్ అరిగిందని తేలితే పరిష్కారం ట్రైనింగ్ కాదు, గాస్కెట్ మార్చే గడువుని మెయింటెనెన్స్ షెడ్యూల్‌లో పెట్టడం. అప్పుడే ఆ డీవియేషన్ నిజంగా ముగుస్తుంది.

మీరు రాసిన వాటిలో ఇలా అసలు కారణం దొరికినవి రెండు గుర్తు తెచ్చుకోండి. రెండు చాలు. లెటర్‌కి వెన్నెముక అవే. "నా చేత రాయించారు" అన్న మాట పోయి "నేను దర్యాప్తు చేశాను" అన్న మాట వస్తుంది. జరిగింది అదే, ఒక్క ముక్క అబద్ధం లేదు. కాకపోతే మొదటి మాట మీ ఇన్‌ఛార్జ్ గురించి చెబుతుంది, రెండోది మీ గురించి చెబుతుంది.

లెటర్‌లో రెండో విషయంగా, మీరు వస్తే క్యూఏ టేబుల్ మీద ఏ బరువు తగ్గుతుందో చెప్పాలి. "కంపెనీకి ఉపయోగపడతాను" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. రణస్థలం వైపు నుంచి వచ్చే ఒక కెమిస్ట్ నాకు రాసిన లెటర్ నేను ఇప్పటికీ మర్చిపోలేదు. అందులో ఉన్న లెక్క ఒక్కటే. తన బ్లాక్ నుంచి రెండు నెలల్లో నలభై బీఎంఆర్‌లు క్యూఏకి వెళ్తే పదిహేడు క్వెరీలతో వెనక్కి వచ్చాయి. ఆ పదిహేడులో పదకొండు, బ్లాక్‌లోనే ఎవరైనా ఒకసారి చదివి ఉంటే అక్కడే దొరికిపోయేవి. ఒక స్టెప్ ముగిసిన టైమ్ కన్నా తర్వాతి స్టెప్ మొదలైన టైమ్ ముందు ఉండటం, దిద్దుబాటు మీద సంతకం ఉండి తేదీ లేకపోవడం, ఇలాంటివి. ఒక్కో బీఎంఆర్ వెనక్కి వెళ్లి, సంతకం పెట్టాల్సిన మనిషి షిఫ్ట్ వచ్చేదాకా ఆగి, మళ్లీ మా దగ్గరికి రావడానికి రెండు మూడు రోజులు పట్టేది. అన్ని రోజులూ సరుకు గోడౌన్‌లో క్వారంటైన్‌లోనే ఉండేది. "నన్ను ఐపీక్యూఏలోకి తీసుకుంటే బ్యాచ్ నడుస్తుండగానే బ్లాక్‌లో రికార్డు చూస్తాను" అని రాశాడు. ఆ నెల డిస్పాచ్‌లు ఆలస్యమై ప్లాంట్ హెడ్ ముందు నేను తలదించుకుని ఉన్నాను. ఆ లెటర్ పట్టుకుని ప్రొడక్షన్ హెచ్‌ఓడీ దగ్గరికి నేనే వెళ్లాను.

అతను ఆ లెక్క ఎలా సంపాదించాడో కూడా చెప్పాలి, ఇక్కడ చాలామంది కాలు జారతారు. బీఎంఆర్‌ని ఫోన్లో ఫొటో తీయలేదు, బ్యాచ్ నంబర్లు చిత్తు కాగితం మీద రాసుకోలేదు. షాప్‌ఫ్లోర్‌లో చిత్తు కాగితం మీద అంకెలు దొరకడమే మన దగ్గర పెద్ద తప్పు. ఆడిట్‌లో దొరికితే ట్రాన్స్‌ఫర్ మాట అటుంచి ఉద్యోగానికే ముప్పు. అతను తన హెచ్‌ఓడీకి చెప్పి, మా రివ్యూయర్ పక్కన కూర్చుని క్వెరీలు ఎన్ని, ఏ రకం అని మాత్రం లెక్కపెట్టాడు. ప్రోడక్ట్ పేరు లేదు, బ్యాచ్ నంబర్ లేదు, ఎవరి పేరూ లేదు. మీరూ అలాగే చేయండి. రివ్యూయర్‌తో కూర్చునే ఆ అరగంటలో క్యూఏలో ఖాళీ ఉందా లేదా అన్నది కూడా మీకే తెలిసిపోతుంది.

ఇప్పుడు లెటర్. కంపెనీకి ఇంగ్లీషులో పంపుతారు కాబట్టి అర్థం పట్టుకుని మీ మాటల్లో రాసుకోండి. ఒక పేజీ దాటకూడదు.

"నాలుగేళ్లుగా ఈ బ్లాక్‌లో ప్రొడక్షన్ కెమిస్ట్‌గా పనిచేస్తున్నాను. ఈ కాలంలో నా షిఫ్టులో వచ్చిన డీవియేషన్ల ప్రాథమిక దర్యాప్తు ఎక్కువగా నేనే చేశాను. వాటిలో డ్రయ్యర్, సెంట్రిఫ్యూజ్‌లకి సంబంధించిన రెండింటిలో పరికరం వైపు నుంచి అసలు కారణం దొరికింది. ఈ పని మీద ఆసక్తితో నన్ను ఐపీక్యూఏకి పరిశీలించమని కోరుతున్నాను. మా బ్లాక్ బీఎంఆర్‌లలో వెనక్కి వస్తున్న క్వెరీల్లో చాలావరకు బ్యాచ్ నడుస్తుండగానే సరిచేయగలిగినవి. ప్రాసెస్ తెలిసిన మనిషిగా అక్కడ నేను ఉపయోగపడగలను. చేంజ్ కంట్రోల్, వెండర్ క్వాలిఫికేషన్ పనుల్లో నాకు అనుభవం లేదు, నేర్చుకోవాలి. నా స్థానంలో వచ్చే వారికి ఆరు వారాలు పని అప్పగించి, ప్రస్తుత ప్రొడక్షన్ క్యాంపెయిన్ పూర్తయ్యాక రిలీవ్ కావడానికి సిద్ధంగా ఉన్నాను."

అనుభవం లేదని రాయమన్నందుకు భయపడకండి. బీఎంఆర్‌లు చూసే వాళ్లు మనుషుల్ని కూడా అలాగే చదువుతారు, అన్నీ వచ్చు అన్న వాడి మీదే అనుమానం ఎక్కువ. ఆరు వారాల మాట మాత్రం తప్పక ఉండాలి. మీ హెచ్‌ఓడీ మనసులో ఉండే ప్రశ్న ఒక్కటే, "నా బి షిఫ్ట్ ఎవరు చూస్తారు?" కొత్త మనిషికి ఎస్‌ఓపీల ట్రైనింగ్ పూర్తయి, రికార్డు అయ్యేదాకా అతను సొంతంగా సంతకం పెట్టలేడు. ఆ లెక్క మీరే వేసి ఇస్తే ఆయన కాదనడానికి ఉన్న పెద్ద కారణం పోతుంది.

లెటర్ చేతికివ్వకముందే హెచ్‌ఓడీతో మాట్లాడండి. హెచ్‌ఆర్ నుంచో క్యూఏ హెడ్ నుంచో ఆయనకి ఈ సంగతి తెలిసిందా, అయ్యే పని కూడా ఆగిపోతుంది. షిఫ్ట్ మారే హడావుడిలో వద్దు, పది నిమిషాలు టైమ్ అడిగి కూర్చోండి. ఆయన తప్పకుండా అడుగుతాడు, "ఇన్‌ఛార్జ్‌తో ఏమైనా గొడవా?" లేదని అబద్ధం చెప్పకండి, బ్లాక్‌లో దాగే విషయం కాదది. "కొన్ని విషయాల్లో మా ఇద్దరికీ కుదరడం లేదు సార్. అదొక్కటే అయితే షిఫ్ట్ మార్చమని అడిగేవాణ్ణి. దర్యాప్తు పని నాకు నచ్చింది, అందుకే క్యూఏ అడుగుతున్నాను" అని రెండు ముక్కల్లో చెప్పి ఆగిపోండి. అక్కడ ఆగడమే కష్టం. నాలుగేళ్ల కోపం లోపల ఉంది కదా, ఆయన ఒక్క సానుభూతి మాట అనగానే సిరిమానోత్సవం సెలవు దగ్గర్నుంచి అన్నీ బయటికొస్తాయి. పైడితల్లమ్మ పండక్కి ఇంట్లో లేకపోవడం విజయనగరం మనిషికి ఎంత కష్టంగా ఉంటుందో నాకు తెలుసు. అయినా ఆ పూట వద్దు.

"ఇప్పుడు కుదరదు" అని ఆయన అంటే సరేనని లేచి రాకండి. "ఏ పని పూర్తయ్యాక అడగమంటారు సార్?" అని అడగండి. క్యాంపెయిన్ అయ్యాక అనో, షట్‌డౌన్ తర్వాత అనో ఏదో ఒకటి చెబుతాడు. ఆ సాయంత్రమే "మీరు చెప్పినట్టు ఫలానా పని పూర్తయ్యాక మళ్లీ కలుస్తాను" అని చిన్న మెయిల్ పెట్టండి. నోటిమాట మూడు నెలలకి అందరూ మర్చిపోతారు, మెయిల్ ఉంటుంది.

అడిగే సమయం కూడా చూసుకోండి. ఇన్‌స్పెక్షన్‌కి సిద్ధమవుతున్న రోజుల్లో అడిగితే ఎవరూ వినరు. యూఎస్ఎఫ్‌డీఏ వాళ్లు వచ్చి, కనిపించిన లోపాలు రాసిన 483 ఫారం ఇచ్చి వెళ్లారంటే పదిహేను పనిదినాల్లో జవాబు పంపాలి, ఆ మూడు వారాలు క్యూఏలో ఎవరికీ నిద్ర ఉండదు. జవాబు వెళ్లిపోయాక మాత్రం పరిస్థితి వేరు. అందులో ఒప్పుకున్న పనులన్నీ గడువులోగా పూర్తిచేయడానికి మనుషులు కావాలి, దర్యాప్తు చేయగలిగిన వాళ్లు ముఖ్యంగా కావాలి. అడగడానికి అంతకన్నా మంచి సమయం నేను చూడలేదు.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. మీ షిఫ్టులో రికార్డులు తర్వాత కూర్చుని నింపడం లాంటివి జరుగుతుంటే, వాటిని ఈ ట్రాన్స్‌ఫర్‌కి ఆయుధంగా వాడకండి. "నన్ను మార్చండి, లేకపోతే ఇవన్నీ బయటపెడతాను" అన్నట్టు వినిపించిందంటే మీ మాటకి విలువ పోతుంది, ఆ తప్పు కూడా సరికాకుండా మిగిలిపోతుంది. అలాంటిది చూస్తే క్యూఏకి వెంటనే, విడిగా చెప్పాలి, మీ ట్రాన్స్‌ఫర్ వచ్చినా రాకపోయినా. అలాగే ఇన్‌ఛార్జ్ బూతులు తిట్టడం, చేయి చేసుకోవడం దాకా వెళ్తే అది సర్దుకుపోయి మెత్తగా రాసుకోవాల్సిన విషయం కాదు, ఫిర్యాదే చేయాలి. ఇది చదివే ఆడపిల్లలకి కూడా ఒక మాట. లైంగిక వేధింపు జరిగితే నైపుణ్యాల లెటర్ రాయకండి. 2013 చట్టం కింద ఇంటర్నల్ కమిటీకి మూడు నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వండి. విచారణ జరుగుతుండగానే మిమ్మల్ని గానీ అతన్ని గానీ వేరే చోటికి మార్చమని రాతపూర్వకంగా అడిగితే, కమిటీ అందుకు సిఫారసు చేయొచ్చు.

చివరిగా, క్యూఏ హెడ్‌తో మాట్లాడే రోజున ఆయన అడగకముందే మీరే ఎత్తాల్సిన విషయం ఒకటి ఉంది. క్వాలిటీ విభాగం ప్రొడక్షన్ నుంచి స్వతంత్రంగా ఉండాలని ఏపీఐల మీద ఉన్న ఐసీహెచ్ క్యూ7 చెబుతుంది. మీరు ప్రొడక్షన్‌లో సంతకం పెట్టిన బ్యాచ్‌లు మీరు మారే రోజుకి ఇంకా రివ్యూలో ఉంటాయి. వాటిని మీరు చూడకూడదు. "నా సంతకం ఉన్న బ్యాచ్‌లు రిలీజ్ అయ్యేదాకా వాటిని వేరేవాళ్లకి ఇవ్వండి సార్, అవసరమైతే మొదటి రెండు నెలలు నన్ను పక్క బ్లాక్‌లో వేయండి" అనండి. పక్క బ్లాక్‌లో వేస్తే మీకూ మంచిదే, మొదటి క్వెరీలు మీ పాత ఇన్‌ఛార్జ్‌కి వెళ్లవు.